"ఆపమన్నారు": నాలుగో ఇంటర్వ్యూ ఓపెన్ కోడింగ్, మెమోలు

అధ్యయనం: చేతికొచ్చిన వార్తను ఇవ్వాలా, ఆపాలా అన్నది పాత్రికేయులు రోజువారీ పనిలో ఎలా తేల్చుకుంటారు?
ఇంటర్వ్యూ: జె4. దినపత్రిక రిపోర్టర్, మహిళ, 11 ఏళ్ల అనుభవం. రికార్డింగ్ 72 నిమిషాలు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. ఆమె చేతికొచ్చిన ఫైలు ఏ శాఖదో కూడా ఇక్కడ రాయడం లేదు.

కోడింగ్ అంటే ఇంటర్వ్యూలో చెప్పినదానికి చిన్న చిన్న పేర్లు పెట్టుకుంటూ పోవడం, మెమో అంటే ఆ దారిలో తట్టిన ఆలోచనను రాసుకోవడం. కోడింగ్ పంక్తి వారీగా చేశాను. ప్రతి కోడ్ ఒక పనిని చెప్పాలి. "భయం" అని రాస్తే అది లేబుల్ అవుతుంది, "ఎదురుదెబ్బను ముందే ఊహించడం" అని రాస్తే మనిషి కనిపిస్తుంది. డేటా నుంచే సిద్ధాంతాన్ని కట్టే గ్రౌండెడ్ థియరీ పద్ధతి మీద రాసిన షార్మాజ్ పట్టుబట్టి చెప్పేదీ ఇదే. తెలుగులో క్రియకు "డం" చేరిస్తే సరిపోతుంది కాబట్టి ఈ అలవాటు చేసుకోవడం కష్టం కాలేదు.

పంక్తులు 34–46

34. ఆ ఫైలు నా చేతికొచ్చి అప్పటికి మూడు వారాలు.
కోడ్: ఆధారం దగ్గరుంచుకుని ఎదురుచూడటం

35. జిరాక్స్ కాదండీ, అసలుదే. సంతకంతో సహా.
కోడ్: రుజువు బలాన్ని తూచి చెప్పడం

36. రాద్దామనే కూర్చున్నా. లీడ్ కూడా రాసేశా.
కోడ్: రాయడం మొదలుపెట్టడం

37. మధ్యాహ్నం మీటింగ్‌లో మాత్రం లిస్టులో చెప్పలేదు.
కోడ్: వార్తను ఆ రోజు వార్తల లిస్టుకెక్కించకపోవడం

38. (నవ్వు) ఎందుకంటే... ఆపమన్నారు.
కోడ్: ~~పైనుంచి ఆదేశం అందుకోవడం~~ కర్త చెప్పకుండా కారణం చెప్పడం

39. నేను: ఎప్పుడన్నారు?

40. అంటే... అలాంటివి ఇప్పుడు వద్దంటారు కదా.
కోడ్: ఒక్క సంఘటనను మామూలు రివాజుగా మార్చి చెప్పడం

41. అట్లాగని చంపలేదండీ. మాగబెట్టా.
కోడ్: "మాగబెట్టడం", ఇన్ వివో, అంటే ఆమె మాటనే కోడ్‌గా ఉంచడం

42. నా దగ్గరే ఉంది. వారానికోసారి తీసి చూసుకుంటా.
కోడ్: వార్తను కనిపెట్టుకుని ఉండటం

43. ఇంకొకరెవరైనా నోరు విప్పితే దానికి బలం వస్తుంది.
కోడ్: రెండో గొంతు కోసం ఆగడం

44. ఒక్కదాన్నే రాస్తే మొత్తం నా మీదికే వస్తుంది.
కోడ్: ఎదురుదెబ్బను ముందే ఊహించడం

45. డెస్క్‌లో ఒకాయనకు తెలుసు.
కోడ్: రహస్యాన్ని ఒక్కరితో పంచుకోవడం

46. ఎప్పుడైనా ఎదురుపడితే అడుగుతారు, "ఏమ్మా, మాగిందా?" అని.
కోడ్: మాటను ఇద్దరూ వాడుకోవడం, గుర్తుచేస్తూ ఉండటం

మెమో 1. 38వ పంక్తిలో నా తప్పు

మొదటి విడతలో ఈ పంక్తికి "పైనుంచి ఆదేశం అందుకోవడం" అని రాసి ముందుకెళ్లిపోయాను. కొట్టేసిన కోడ్‌ను పైన కావాలనే ఉంచాను. మళ్లీ చదివినప్పుడు చెయ్యి ఆగింది. ఆదేశం ఎక్కడుంది? "పై" ఎక్కడుంది? ఆమె అన్నది ఒక్కటే మాట: ఆపమన్నారు.

ఆడియో దగ్గరికి వెళ్లాను. ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో మూడు చుక్కలుగా ఉన్నది నిజానికి అయిదు సెకన్ల మౌనం. బల్ల మీద గ్లాసు జరిపిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి "ఆపమన్నారు" అంటుంది. 36వ పంక్తి దాకా అన్ని క్రియలూ ఆమెవే: కూర్చున్నా, రాసేశా. 38కి వచ్చేసరికి క్రియ ఇంకెవరిదో అయిపోయింది, ఆ ఎవరో మాత్రం లేరు. టైపు చేసేటప్పుడు మౌనాలను సెకన్లలో రాయాలని నిర్ణయించుకున్నాను. జె1, జె2, జె3 ఆడియోలు కూడా మళ్లీ వినాలి. పని పెరుగుతుంది, తప్పదు.

మెమో 2. కర్త లేని క్రియ

"ఆపమన్నారు" అన్న మాటలో చిక్కు మన వ్యాకరణంలోనే ఉంది. "అన్నారు" అంటే ఒక పెద్దాయన కావచ్చు, నలుగురు కావచ్చు, "లోకం అంటోంది" అన్న అర్థంలో ఎవరూ కాకపోనూవచ్చు. గౌరవ వాచకం, బహువచనం, లోకం మాట మూడింటికీ ఒకే రూపం. వినేవాళ్లం మనకు తోచిన కర్తను అందులో కూర్చోబెట్టేస్తాం. నేను ఎడిటర్‌ను కూర్చోబెట్టాను.

39లో నేను "ఎప్పుడు" అని అడిగాను. "ఎవరు" అని అడగాల్సింది. జవాబు మాత్రం చాలా చెబుతోంది. "అన్నారు" కాస్తా "అంటారు కదా" అయింది. ఒక రోజు జరిగిన సంగతిగా మొదలైన మాట ఎప్పుడూ జరిగే సంగతిగా మారింది. "కదా"తో నన్ను కూడా కలుపుకుంది.

పాత మూడు ట్రాన్స్‌స్క్రిప్టుల్లో ఇలాంటి క్రియలు వెతికాను. జె1 (టీవీ రిపోర్టర్): "ఆ బైట్ తీసేశారు." జె2 (సబ్ ఎడిటర్): "దాన్ని తొక్కిపెట్టారు." జె3 (ఫొటోగ్రాఫర్): "ఆ ఫొటో వాడరని తెలుసు, పంపలేదు." జె1, జె2 చెప్పిన రెండూ నిజంగా జరిగిన పనులు: బైట్ ఉంది, ఎవరో తీశారు, వార్త డెస్క్‌కు వచ్చింది, ఎవరో తొక్కిపెట్టారు. జె3, జె4 చెప్పిన చోట పైవాళ్ల దాకా ఏదీ వెళ్లనే లేదు. అయినా నాలుగింటికీ మొదట ఒకే కోడ్ ఇచ్చాను. దాన్ని రెండుగా విడగొడుతున్నాను: "అందిన తర్వాత ఆపబడటం", "అందకముందే ఆపుకోవడం".

సంఘటనను సంఘటనతో పోల్చమని గ్రౌండెడ్ థియరీకి పునాది వేసిన గ్లేజర్, స్ట్రాస్ 1967లో చెప్పింది ఇక్కడ నాకు అక్షరాలా పనికొచ్చింది. ఆలోచన తట్టగానే కోడింగ్ ఆపి మెమో రాయమని కూడా వాళ్లే అన్నారు. ఈ మెమో రాస్తున్నప్పుడు 47వ పంక్తి ఇంకా ముట్టుకోలేదు.

మెమో 3. "స్వీయ సెన్సార్‌షిప్" అని ఎందుకు రాయడం లేదు

"అందకముందే ఆపుకోవడం" అని రాయగానే మనసులోకి వచ్చే మాట ఇదే. సిద్ధంగా ఉంది, అందరికీ తెలుసు, గైడ్ గారికి ఒక్క మాటలో చెప్పేయొచ్చు. అందుకే భయం. ఆ పేరు పెట్టిన క్షణం 41వ పంక్తి కనబడకుండా పోతుంది. సెన్సార్ అంటే కత్తిరింపు, వార్త అక్కడితో అయిపోవడం. ఆమె అన్నది సూటిగా దానికి ఎదురు: "చంపలేదండీ."

వార్తాగదులను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త బ్రీడ్ 1955లోనే రాశాడు, పత్రిక విధానాన్ని రిపోర్టర్‌కు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరని, పని చేస్తూ చేస్తూ వంటబట్టించుకుంటారని. 40వ పంక్తి చదివితే అదే గుర్తుకొస్తుంది. అది చదివినవాణ్ని కాబట్టి చదవనట్టు ఉండలేను, మెమోలో పెట్టి పక్కనుంచుతున్నాను. అది "వద్దు" అన్న సంగతి ఎలా తెలుస్తుందో చెబుతుంది. జె4 నాకు చూపిస్తున్నది తెలిశాక ఏం చేస్తుందో.

మెమో 4. మాగబెట్టడం

ఇన్ వివో కోడ్‌గా దీన్ని ఉంచుకోవడానికి కారణం మాట అందంగా ఉండటం కాదు. 46వ పంక్తి. డెస్క్‌లో ఉన్నాయన కూడా అదే మాటతో అడుగుతున్నారు. అంటే ఇది ఆ క్షణంలో నా కోసం అల్లిన పోలిక కాకపోవచ్చు, కనీసం ఇద్దరి మధ్య చెల్లుబాటయ్యే మాట.

ఇందులో ఏమేం ఉన్నాయి? కాలం ఉంది: మూడు వారాలు, వారానికోసారి తనిఖీ. షరతు ఉంది: రెండో గొంతు. సాక్షి ఉన్నారు: ఒక్కరే, పై అధికారి కానివారు. చోటు ఉంది: లిస్టుకు బయట, సొంత దగ్గర. జె3తో పోలిస్తే తేడా తేలుతుంది. ఆయన ఫొటోలు కార్డులోనే ఉన్నాయి, ఎవరికీ చెప్పలేదు, మళ్లీ చూడలేదు. ఇద్దరూ ఇవ్వలేదు. ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు, ఒకరు వదిలేశారు. కాబట్టి "ఆపుకోవడం"లోనే రెండు కొసలున్నాయి.

జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. కాయ దానంతటదే మాగుతుంది. గడ్డిలో పెట్టినవాళ్లు చెయ్యాల్సింది చూసుకోవడమే. వార్త అలా కాదు, ఇంకొకరిని వెతకాలి, మాట్లాడించాలి, కాగితాన్ని సరిచూసుకోవాలి. ఆమె ఆ పనులు చేస్తోందా, లేక "బలం వస్తుంది" అని ఎదురుచూస్తోందా? 43వ పంక్తిలో "నోరు విప్పితే" అంది, "విప్పిస్తే" అనలేదు. ఆ ఒక్క అక్షరం దగ్గర చాలాసేపు ఆగాను. మాగబెట్టడం అన్న మాట ఆమెకు పనిలో ఓపిక కావచ్చు, బాధ తగ్గించుకునే మాట కూడా కావచ్చు. ఈ ట్రాన్స్‌స్క్రిప్ట్ ఆధారంగా తేల్చలేను, తేల్చకూడదు.

మెమో 5. నా సంగతి

ఆరేళ్లు డెస్క్‌లో పనిచేశాను. "మాగిందా" అని అడిగే మనిషి స్థానంలో నేనూ ఉన్నాను, వేరే మాటలతో. ఒక రిపోర్టర్ నాకు చూపించిన కాగితం ఎప్పటికీ అచ్చు కాలేదు. నేను మళ్లీ అడగలేదు. జె4 ఆ డెస్క్ ఆయన గురించి ఆప్యాయంగా చెబుతుంటే నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరటతోనే 46కు మొదట "అండగా నిలవడం" అని కోడ్ ఇచ్చాను. తీసేశాను. ఆమె చెప్పింది ఆయన అడుగుతారనే, నిలబడ్డారని కాదు.

మెమో 6. జె5 తర్వాత

జె5 మానేసి వెళ్లిపోయిన రిపోర్టర్, ఇప్పుడు ఫ్రీలాన్స్. మాగబెట్టడం అన్న మాట నేను ఎత్తలేదు. "రాయకుండా దగ్గరుంచుకున్నవి ఏమైనా ఉన్నాయా" అని మాత్రమే అడిగాను. జవాబు: "ఒకటుంది. మరీ ఎక్కువ రోజులు పెట్టుకున్నాను. ఈలోగా ఆయనే రిటైరైపోయాడు. ఇంక అది వార్త కాదు."

కోడ్: గడువు దాటిపోవడం. మాగబెట్టడంలోని కాలానికి అవతలి అంచు ఇది. ఎంతసేపు ఆగితే ఓపిక, ఎప్పటి నుంచి నష్టం అన్నది పాత్రికేయులు దేన్నిబట్టి పోల్చుకుంటారు? జె4 వారానికోసారి తీసి చూసుకునేది బహుశా దీని కోసమేనేమో. ఇది ఊహ, కోడ్ కాదు.

జె5కు ఇప్పుడు మీటింగ్ లేదు, లిస్టు లేదు, "అంటారు కదా" అనడానికి ఆఫీసే లేదు. అయినా ఆపుకోవడం ఆగలేదు. అడిగితే "వాళ్లు తీసుకోరు" అన్నారు. ఈసారి "ఎవరు?" అని అడగడం మర్చిపోలేదు. నవ్వి, "అడిగి చూడలేదు" అన్నారు.

తర్వాత ఎవరిని కలవాలి

ముందు వేసుకున్న జాబితాలో ఆరోవారు ఇంకొక ఫీల్డ్ రిపోర్టర్. మారుస్తున్నాను. మధ్యాహ్నం మీటింగ్‌లో లిస్టు వినే మనిషి కావాలి: న్యూస్ ఎడిటర్, వీలైతే రిపోర్టింగ్ నుంచి వచ్చినవారు. తన దాకా రాని వార్తలు ఉన్నాయని వారికి తెలుసా? తెలిస్తే ఎలా తెలుస్తుంది? ఏడోవారుగా, చాలాకాలం ఆపి చివరికి అచ్చు వేయించుకున్నవారు. మాగి అచ్చయిన వార్త ఒక్కటీ ఇప్పటిదాకా నా డేటాలో లేదు.

ఇంటర్వ్యూ గైడ్‌లో ఒక్క మార్పు. "మీ మీద ఒత్తిడి ఉంటుందా?" అన్న ప్రశ్న కొట్టేశాను. దాని చోట: "మీరు ఈమధ్య లిస్టులో చెప్పని వార్త ఒకటి గుర్తుచేసుకోండి. ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పండి." జవాబులో కర్త లేని క్రియ వస్తే తొందరపడకుండా ఆగి, ఆ తర్వాత "ఎవరన్నారండీ?" అని మెల్లగా అడగాలి.