విషయం: హైటెక్స్‌లో మీరు గీసి చూపించిన కోల్డ్ రూమ్ గురించి, బుధవారం కలవొచ్చా?

రమేష్ గారికి నమస్కారం.

శుక్రవారం మధ్యాహ్నం హైటెక్స్‌లో టెంపరేచర్ లాగర్ల స్టాల్ దగ్గర మీతో మాట్లాడిన శ్రీకాంత్‌ని. ఐదు నిమిషాలైనా కాకముందే మీ డ్రైవర్ ఫోన్ చేయడంతో మీరు వెళ్ళాల్సి వచ్చింది. విజిటింగ్ కార్డు వెనక మీరు గీసిన జీడిమెట్ల గోడౌన్ బొమ్మ నా దగ్గరే ఉంది: తలుపు ఒక చివర, కూలింగ్ యూనిట్ ఎదురు గోడకి, సరిగ్గా దాని కింద ఇన్సులిన్ ర్యాక్.

పోయిన మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ ఆలస్యంగా అందుకున్న సంగతి చెప్పారు. పొద్దున చూస్తే రిజిస్టర్‌లో గంట గంటకీ '4' అని ఒకే చేతిరాత, ఒకే పెన్ను. సరుకు బాగుందో లేదో తేల్చుకోలేక మొత్తం పక్కన పెట్టేశామని మీరు అన్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

ఇంటికొచ్చాక మీ బొమ్మ మళ్ళీ చూస్తే ఇంకో విషయం తట్టింది. మీ థర్మామీటర్ తలుపు పక్కన ఉందన్నారు. అక్కడ 5 డిగ్రీలు చూపిస్తున్నా, యూనిట్ గాలి నేరుగా తగిలే ర్యాక్ దగ్గర 2 కంటే కిందికి పోయే అవకాశం ఉంది. ఇన్సులిన్‌కి వేడి ఎంత ప్రమాదమో గడ్డ కట్టడం అంతకంటే ప్రమాదం. కరిగినా ఇక వాడకూడదు. కరెంటు పోని రోజున కూడా ఇది జరగొచ్చు. అందుకే ముందు ఆ ర్యాక్ దగ్గర కొలవాలని నా అభిప్రాయం.

వైఫై పోతే మెసేజ్ వస్తుందా అని మీరు అడిగితే, వస్తుందని తొందరలో చెప్పేశాను. పూర్తిగా చెప్పాలి. లాగర్‌లో సిమ్, బ్యాటరీ ఉంటాయి కాబట్టి కరెంటు, వైఫై లేకపోయినా పనిచేస్తుంది. సిమ్‌కి సిగ్నల్ లేకపోతే మాత్రం రీడింగులు దాచుకుంటుంది గానీ, ఆ సమయంలో అలర్ట్ రాదు. కోల్డ్ రూమ్ గోడలకి రేకు ఉంటుంది కాబట్టి లోపల సిగ్నల్ బాగా తగ్గుతుంది. ప్రోబ్ లోపల, బాక్స్ బయట పెడితే సరిపోవచ్చు. మీ గోడౌన్‌లో చూస్తేనే తెలుస్తుంది.

పొద్దుటి లోడింగ్ పదిన్నరకి అయిపోతుందన్నారు కదా, బుధవారం 11 గంటలకి రమ్మంటారా? ముప్పావు గంట చాలు. రెండు లాగర్లు తెస్తాను: ఒకటి ఇన్సులిన్ ర్యాక్ దగ్గర, ఒకటి తలుపు దగ్గర వారం రోజులు ఉంచుదాం. దీనికి డబ్బులేమీ వద్దు, ఆర్డర్ ఇవ్వాలనీ లేదు. రీడింగులు మీకే ఇచ్చేస్తాను. రాత్రి డ్యూటీ చూసే అతను కూడా కాసేపు ఉంటే మంచిది, అలారం మోగితే ముందు పరుగెత్తేది ఆయనే కదా.

బుధవారం కుదరకపోతే గురువారం అదే టైముకి వస్తాను. ఏ రోజో ఒక్క ముక్క రాయండి చాలు.

ఇట్లు,
శ్రీకాంత్
సేల్స్, హైదరాబాద్