ఆఖరి పంటు (Aakhari Pantu) | సొంత తెలుగు పాట | గానం: సుభాషిణి

కోటిపల్లి రేవులో చీకటిపడే వేళ ఆఖరి పంటు పడవ ఎక్కి గౌతమీ గోదావరి దాటి ముక్తేశ్వరం వెళ్లేవాళ్ల పాట. సినిమా పాట కాదు, దేనికీ కవర్ కాదు.

పల్లవి: “పంటు కదిలిందే, ఒడ్డు ఉండిపోయిందే”

రచన: సత్యవతి
సంగీతం: వీర్రాజు (బాణీ ఈయనదే, ఆనందభైరవి ఛాయలో, తిశ్ర నడకలో)
గానం: సుభాషిణి
కోరస్: పిల్లలు, మా వీధివాళ్లే
డప్పు, వేణువు: స్టూడియోలో వాయించినవి. పడవ ఇంజను చప్పుడు మాత్రం రేవులో ఫోన్‌తో రికార్డు చేశాం, అందుకే కాస్త గరగర.
భాష: తెలుగు (te), కోనసీమ యాస
రకం: సొంత పాట, జానపద ధోరణి
విడుదల: 2025

రెండో చరణంలో “రేవులో లాంతరు” అన్న మాట రచయిత్రిది. “రేయిలో” అని రాస్తే అర్థమే మారిపోతుంది, లిరిక్స్ పెట్టేవాళ్లు చూసుకోండి.

మీరు పాడి పెడితే టైటిల్‌లో “కవర్” అని రాసి గాయని పేరు బదులు మీ పేరు వేసుకోండి. రచన, సంగీతం పేర్లు అలాగే ఉంచాలి. ట్రాక్ వాడుకోవాలంటే ముందు అడగండి.

ట్యాగ్‌లు: ఆఖరి పంటు, Aakhari Pantu, సత్యవతి రచన, వీర్రాజు సంగీతం, సుభాషిణి పాట, కోనసీమ పాట, గోదావరి రేవు. వ్యూస్ కోసం సినిమావాళ్ల పేర్లు ఇరికించలేదు.