ఐసు దిమ్మలు: రెండు అంకాల కోర్టు నాటకానికి కథాప్రణాళిక

కథ విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మొదలై, జిల్లా కోర్టులోని సెషన్స్ హాలులో ముగుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది. కథకు ఆధారమంతా ఈ తేదీల్లోనే ఉంది.

2025 జూన్ 10 రాత్రి, ఒక బోటు ఓనరు దగ్గర లెక్కలు రాసే గుమాస్తా సత్యం జెట్టీ పక్కన హత్యకు గురవుతాడు. అదే బోటులో కళాసీగా పనిచేసే నూకరాజుకు అతనితో జీతం బాకీ విషయంలో గొడవ ఉండటంతో పోలీసులు అతన్నే నిందితుడిగా చూపుతారు. ఓనరు ఆ రాత్రి కాకినాడలో ఉన్నట్లు వాంగ్మూలం ఇస్తాడు. ప్రాసిక్యూషన్‌కు బలమంతా బోటు నడిపే సరంగు ఎల్లాజీ సాక్ష్యం.

మొదటి అంకంలో ఎల్లాజీ ముఖ్య విచారణ నిరాడంబరంగా సాగాలి. అతడు జెట్టీ దీపం వెలుగులో నూకరాజును చూశానంటాడు. ఆ వేళప్పుడు అక్కడెందుకు ఉన్నావని అడిగితే, "బోటుకి ఐసు ఎక్కిస్తన్నామండి" అంటాడు. ప్రేక్షకులకు ఈ మాట వినబడాలి గానీ పట్టుబడకూడదు. అందువల్ల దాని వెంటనే నూకరాజు తల్లి హాలు వెనక నుంచి ఏడుస్తూ లేవడం, బంట్రోతు ఆమెను కూర్చోబెట్టడం ఉంటాయి. సీజను దగ్గరపడిన రోజులు కాబట్టి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు కూడా ఆ జవాబు సహజంగానే తోస్తుంది. ఆయన్ను మందమతిగా చూపవద్దని దర్శకుడికి ప్రత్యేకంగా మనవి; ఎదుటి పక్షం తెలివైనదైతేనే ఈ నాటకం నిలుస్తుంది.

రెండో అంకం మొత్తానికీ గుండెకాయ క్రాస్ ఎగ్జామినేషన్. డిఫెన్స్ న్యాయవాది లక్ష్మీప్రసన్న గొంతు పెంచదు, అబద్ధం ఆడుతున్నావని అనదు. ముందుగా, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ఐసు ప్రస్తావనే లేదని ఎల్లాజీ చేత ఒప్పించి, ఆ విషయాన్ని అక్కడితో వదిలేస్తుంది. ఆ తర్వాత అతని పని గురించి, నేర్చుకునే మనిషిలా అడుగుతుంది.

"ఐసు ఎప్పుడు ఎక్కిస్తారు?"

"బోటు కదిలే ముందు రోజమ్మా. ముందే ఎక్కిస్తే కరిగి నీరైపోదా?"

"కొత్త సరంగులెవరైనా అయిదు రోజుల ముందే ఎక్కిస్తారేమో?"

"ఏ సరంగూ అలా చెయ్యడమ్మా. చేస్తే ఆడు సరంగే కాడు."

"నిషేధం అయ్యాక మీ బోటు కదిలింది ఏ రోజు?"

"జూన్ పదిహేను."

ఎల్లాజీ అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నాడు గానీ తన పనితనాన్ని తక్కువ చేసుకోవడానికి ఒప్పుకోలేదు. ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ అతని చేత సాక్ష్యం చెప్పించింది, వృత్తిగర్వం ఆ సాక్ష్యాన్ని కూల్చింది. మలుపు ఈ మనిషి స్వభావంలోంచే రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. చివరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే కొత్త సాక్షిగానీ, సంచిలోంచి తీసే ఫొటోగానీ ఇందులో ఉండవు.

తేదీ చెప్పాక ఎల్లాజీ తన మాటల లెక్క తానే చూసుకుని ఆగిపోతాడు. జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగకూడదన్నది న్యాయవాదుల పాఠం కనుక లక్ష్మీప్రసన్న "ఇంతే సార్" అని కూర్చుంటుంది. కానీ భారతీయ సాక్ష్య అధినియం 168వ సెక్షన్ న్యాయమూర్తికి ఏ ప్రశ్ననైనా అడిగే అధికారం ఇచ్చింది, ఆ ప్రశ్నకు ఇరుపక్షాలూ అభ్యంతరం చెప్పలేవు. స్టెనోకు డిక్టేట్ చేయడం ఆపి న్యాయమూర్తి అడుగుతారు: "మరి ఆ రాత్రి ఏం చేస్తున్నారు?"

"డీజిలు దించుతున్నామయ్యా. నేను, నూకరాజు, ఓనరు."

సబ్సిడీ డీజిలును డబ్బాలకెత్తి బయట అమ్ముతున్నారు. ఆ లెక్క రాయనన్నందుకే సత్యం చనిపోయాడు. ఓనరు కాకినాడ కథ ఆ ఒక్క జవాబుతో కూలుతుంది. అయితే తాను హార్బర్‌కే వెళ్లలేదని నూకరాజు తన న్యాయవాదికి చెప్పిన మాట కూడా దాంతోపాటే కూలుతుంది. గెలిచిన క్షణంలో ఆమె తలతిప్పి చూడవలసింది సాక్షిని కాదు, తన క్లయింటును. నటికి ఇదే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం.

దర్యాప్తు అధికారి సాక్ష్యాన్ని రెండు నిమిషాల్లో ముగించవచ్చు. తర్వాతి రంగం నిందితుడి పరీక్ష. భారతీయ నాగరిక సురక్షా సంహిత 351వ సెక్షన్ కింద ప్రమాణం లేకుండానే న్యాయమూర్తి నూకరాజును ప్రశ్నిస్తారు. మౌనంగా ఉండే హక్కు ఉన్నా, డబ్బాలు మోసింది నిజమేనని, భయపడి దాచానని, ఓనరు సత్యాన్ని కొట్టడం చూశానని అతడు చెబుతాడు.

ముగింపుగా తీర్పు వద్దు. సాక్ష్యంలో మరొకరి నేరం బయటపడితే వారిని కూడా ఇదే విచారణకు పిలిపించడానికి అదే చట్టంలోని 358వ సెక్షన్ ఉంది. ఆ పిటిషన్ వేసేది పబ్లిక్ ప్రాసిక్యూటరే. తన కేసు చెదిరిపోయిందని తెలిసీ ఆయన ఆ కాగితాన్ని బెంచ్ క్లర్కుకు అందిస్తారు, న్యాయమూర్తి ఓనరుకు సమన్లు జారీ చేసి వాయిదా తేదీ చెబుతారు. నాటకం అక్కడ ఆగుతుంది.