ముందు ఊహించు, తర్వాత మీటు: ధ్వని, కంపనాల ప్రయోగాలు

6వ తరగతి, నలుగురేసి జట్లు, 40 నిమిషాలు

కావలసినవి: లావుపాటి రబ్బరు బ్యాండు ఒకటి, సన్నవి రెండు, మూతలేని గట్టి అట్టపెట్టె, పెన్సిలు, స్టీలు గిన్నె, పెద్ద బెలూను, స్టీలు పళ్లెం, గరిటె, పది పన్నెండు బియ్యపు గింజలు. గుప్పెడు పోస్తే ఒకదాని బరువు ఒకటి ఆపేస్తుంది, ఏమీ కనపడదు.

డ్రమ్ము తయారీ: బెలూను మెడ కత్తిరించి, మిగతాది గిన్నె మూతి మీద ముడతల్లేకుండా లాగి, సన్న బ్యాండుతో బిగించండి. వేలితో తడితే మోగాలి. వదులుగా ఉంటే మళ్లీ కట్టండి. బియ్యపు గింజలు దాని మీద వేయండి.

ఊహల పత్రం

ప్రయోగం మొదలుపెట్టకముందే, పెన్నుతో, మీకు తోచినదాని చుట్టూ సున్నా చుట్టండి. కొట్టివేతలు వద్దు. ఊహ తప్పితే మార్కులు పోవు.

1. బ్యాండును పెట్టెకు తొడిగి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటితే బాగా మారేది: శబ్దం పెద్దదవడం / స్వరం కీచుగా మారడం
2. పెట్టె నడిమధ్యన పెన్సిలు అడ్డంగా పెట్టి, బ్యాండును దానికి నొక్కిపట్టి సగాన్నే మీటితే స్వరం: పెరుగుతుంది / తగ్గుతుంది / అలాగే ఉంటుంది
3. పెట్టె లేకుండా, రెండు వేళ్ల మధ్య బ్యాండును ఇంకా ఇంకా సాగదీస్తూ మీటితే స్వరం: బాగా పెరుగుతుంది / పెద్దగా మారదు
4. డ్రమ్మును ముట్టుకోకుండా, జానెడు పైన పళ్లెం మోగిస్తే గింజలు: గెంతుతాయి / కదలవు
5. పళ్లెం మోగుతుండగానే బెలూను అంచున అరచేయి ఆనిస్తే గింజలు: అలాగే గెంతుతాయి / నెమ్మదిస్తాయి

ఇప్పుడు అదే వరుసలో చేయండి. బ్యాండు మొహానికి దూరంగా ఉండాలి. సాగదీసి వదలడం ఆట కాదు. మొదటి దాంట్లో చెవితో పాటు కళ్లకూ పని ఉంది: మీటిన బ్యాండు పక్కనుంచి చూస్తే ఒక్క దారంలా కాక మసకమసకగా, వెడల్పుగా కనిపిస్తుంది. ఆ మసకే కంపనం. గట్టిగా మీటితే మసక వెడల్పవుతుంది. సన్న బ్యాండుకూ లావు బ్యాండుకూ తేడా కూడా ఓసారి వినండి.

చేశాకే చదవండి

గట్టిగా మీటితే ఊపు పెద్దదై శబ్దం పెరుగుతుంది. కీచుదనం మాత్రం సెకనుకు ఎన్ని కంపనాలన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కే హెర్ట్జ్. మన చెవికి వినిపించేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే. బిగువు మారకుండా పొడవు సగమైతే కంపనాలు రెట్టింపవుతాయి, అందుకే రెండోదాంట్లో స్వరం పైకి వెళ్లింది.

మూడోది చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. బిగువు పెరిగితే స్వరం పెరగాలి, నిజమే. కానీ సాగేకొద్దీ పొడవూ పెరిగి స్వరాన్ని కిందికి లాగుతుంది. రెండూ దాదాపు సరిపోతాయి కాబట్టి స్వరంలో తేడా అంతగా తెలియదు. పొడవు మారకుండా బిగించే వీణ తీగలో ఈ చిక్కు లేదు.

నాలుగోదాంట్లో పళ్లెం కంపించి చుట్టూ ఉన్న గాలిని తోసింది, గాలి బెలూనును ఊపింది. గింజలు కదలకపోతే పళ్లెం ఇంకాస్త దగ్గరకు తెచ్చి, గట్టిగా కొట్టి చూడండి. అరచేయి ఆనిస్తే ఆ ఊపును చెయ్యి మింగేస్తుంది.

ఊహ తప్పిన ప్రశ్న పక్కనే, మీరు కళ్లారా చూసిందేమిటో ఒక వాక్యంలో రాసి పత్రం ఇవ్వండి.