రక్తపాతం లేని మలుపులు: పద్మక్క కోసం నాలుగు పుస్తకాలు

పద్మక్కా, మొన్న ఆ సీరియల్ కిల్లర్ నవలని నలభయ్యో పేజీలోనే మూసేశానని, ఆ రాత్రి అన్నం కూడా సయించలేదని అన్నావు కదా. శవాన్ని ఎలా కోశారో వర్ణించే పుస్తకాలన్నీ పక్కన పెట్టేసి ఇవి ఏరాను.

ముందు జోసెఫిన్ టే రాసిన ‘ది ఫ్రాంచైజ్ అఫైర్’ (1948) మొదలుపెట్టు. ఇందులో అసలు హత్యే లేదు. ఊరికి దూరంగా పాత బంగళాలో ఉండే తల్లీకూతుళ్లు తనను ఎత్తుకుపోయి, అటక గదిలో పెట్టి తాళం వేసి, కొట్టి, పని చేయించుకున్నారని పదిహేనేళ్ల పిల్ల ఫిర్యాదు చేస్తుంది. ఆ పిల్ల ముఖం కూడా ఎప్పుడూ చూడలేదంటారు వాళ్లు. మరి లోపల కిటికీ ఎలా ఉంటుందో కూడా ఆ పిల్ల పూసగుచ్చినట్టు ఎలా చెప్పగలిగింది? పుస్తకమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది, ఎవర్ని నమ్మాలో తెలియక నాకైతే పిచ్చెక్కింది. ఇంగ్లీషు కాస్త పాతకాలపుది, మొదట్లో కొంచెం ఓపిక పట్టాలి.

తర్వాత కీగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. ముందే చెప్తున్నా, మొదట్లోనే ఒకణ్ని వైరుతో గొంతు బిగించి చంపుతారు, ఆ రెండు మూడు పేజీలు నీకు కష్టమనిపిస్తే గబగబా తిప్పేయ్, ఎవరు ఎవర్ని చంపారో తెలిస్తే చాలు. అసలు కథ ఆ తర్వాతే. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఆ హత్యని కప్పిపుచ్చే బాధ్యత నెత్తినేసుకుంటాడు. ఆయన పరీక్ష పేపర్లో ఒక అలవాటుంది: చూడ్డానికి జామెట్రీలా కనిపించే ప్రశ్న ఇస్తాడు, తీరా చూస్తే అది ఫంక్షన్ల లెక్క. ఆ మాట గుర్తు పెట్టుకుని చదువు, ఇంతకు మించి చెప్తే నువ్వు నన్ను తిడతావు.

మధ్యలో తేలిగ్గా ఏదైనా కావాలంటే శరదిందు బంద్యోపాధ్యాయ బ్యోమకేశ్ కథలున్నాయి. పాత కలకత్తా, టీ, సిగరెట్లు, డిటెక్టివ్ అంటే ఒప్పుకోకుండా సత్యాన్వేషి అని చెప్పుకునే హీరో. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు కానీ పడుకునే ముందు ఒకటి చదివితే హాయిగా ఉంటుంది. చిన్నప్పుడు అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు గుర్తొచ్చాయి నాకు.

అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ (1926) మాత్రం చివరికి దాచుకో. కత్తిపోటు ఉంది కానీ మనకి కనిపించేది కుర్చీలో కూర్చున్న శవమే, రక్తం గురించి సాగదీయదు. దీని గురించి ఎక్కడా వెతక్కు, మీ ఆయన్ని కూడా అడక్కు, ఆయన చదివేశారు, నోరాగదు. నా కాపీ ఆదివారం వచ్చేటప్పుడు తెస్తాను, అట్ట మీద రాసింది నీ కంట పడకుండా పేపరు చుట్టి మరీ ఇస్తా.