ఎర్ర కారు నీలం కావాలి, ఇంకేదీ మారకూడదు: దసరా క్యాలెండర్ ఫొటోకి ఎడిటింగ్ నోట్

తమ్ముడూ,

కోనసీమలో తీసిన ఆయుధపూజ ఫొటో డ్రైవ్‌లో పెట్టాను. ఫైలు పేరు dasara_car_master.tif. 16 బిట్, అడోబ్ ఆర్‌జీబీ, 6000×4000 పిక్సెళ్లు. షూటింగ్‌కి షోరూం వాళ్లు పంపింది ఎర్ర కారు. పండక్కి వాళ్ల దగ్గర అమ్మకానికి ఉన్నవి ఎక్కువగా నీలం. మళ్లీ తీద్దామంటే ఆ పొద్దుటి ఎండ రాదు, హారతి పట్టిన మామ్మగారి మొహంలో ఆ వెలుగూ రాదు. అందుకే ఈ ఫొటోనే ఉంచి కారు రంగు మార్చమన్నారు.

చేయాల్సింది ఒకటే. కారు బాడీ మీదున్న ఎర్ర పెయింటు నీలం కావాలి, ఆ పెయింటు వల్ల పక్కన పడ్డ ఎర్రదనం కూడా దానితోపాటు మారాలి. మిగతా ఫొటోలో ఒక్క పిక్సెల్ కదలకూడదు.

ఇంత పెద్ద నోట్ ఎందుకంటే ఈ ఫ్రేములో ఎరుపు కారుకి మాత్రమే లేదు. మామ్మగారిది మెరూన్ పట్టుచీర. అరుగు మీద జాజు పట్టీలున్నాయి. పగలగొట్టిన గుమ్మడికాయలో కుంకుమ, దండలో మందారాలు, పైన పెంకులు, వెనక సీట్లో కూర్చున్న పాప పరికిణీ, అన్నీ ఎరుపే. ఫొటోషాప్‌లో `Hue/Saturation` తెరిచి `Reds` పట్టుకుని లాగావంటే వాటన్నిటితోపాటు మనుషుల ఒంటి రంగు కూడా కదులుతుంది. పోయినేడాది వేరేచోట చేయించిన ఒక పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి పారాణి ఊదారంగుకి తిరిగింది. ప్రింటు చేతికొచ్చాక గాని చూసుకోలేదు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి ముందు నిలబడటానికి మొహం చెల్లలేదు. అందుకని ముందు మాస్కు, ఆ తర్వాతే రంగు.

కింద ఇచ్చిన కొలతలన్నీ ఎడమ పై మూల నుంచి లెక్కపెట్టినవి, మొదటిది అడ్డం, రెండోది నిలువు. కారు 1700 నుంచి 4750 దాకా, 1650 నుంచి 3300 దాకా ఉంది. ముఖం ఎడమకి తిరిగి ఉంది.

నీలం కావాల్సినవి: బానెట్, రూఫ్, కనిపించే ఎడమవైపు రెండు తలుపులు, ముందు వెనక ఫెండర్లు, బంపర్లలో పెయింటు వేసిన భాగం, తలుపు హ్యాండిళ్లు, సైడ్ మిర్రర్ పైసగం. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. ముందు తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందులో తలుపు లోపలి అంచు, దాని ఎదురుగా బాడీ అంచు కనిపిస్తాయి, వాటికీ ఎర్ర పెయింటే. అవి వదిలేస్తే చూసేవాళ్లకి ఏం తేడా ఉందో తెలియకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. తలుపుకీ తలుపుకీ మధ్య సన్నగా నల్లగా కనపడే గీతల్లో కూడా ముదురు ఎరుపు ఉంది. 200 శాతానికి జూమ్ చేసి చూడు.

కారు మీద ఉన్నా ముట్టుకోకూడనివి: టైర్లు, అలాయ్‌లు, నల్ల రబ్బరు బీడింగు, మిర్రర్ కింది సగం, గ్రిల్లు, ముందు అద్దం అడుగున ప్రతిబింబం తప్ప అద్దాలు, వెనక లైటు. ఆ లైటు 4650 దగ్గర సన్నటి అంచులా మాత్రమే కనిపిస్తుంది, అది ఎర్రగానే ఉండాలి. ముందున్న షోరూం ప్లేటు, టైరు కింది నిమ్మకాయ, బంపరుకి కట్టిన మిరపకాయల తోరం, బంతిపూల దండ కూడా అంతే.

మాస్కు పెన్ టూల్‌తోనే గియ్యి. ఫెదర్ అర పిక్సెల్ చాలు. ఫోకస్ తగ్గే వెనక బంపరు దగ్గర మాత్రం ఒకటిన్నర దాకా పెంచుకో. దండ పూరేకుల దగ్గర పెన్‌తో పని జరగదు. అక్కడ గ్రీన్ చానెల్ కాపీ చేసుకుని దాన్నుంచి మాస్కు తియ్యి. ఆ చానెల్లో బంతిపూలు తెల్లగా, కారు నల్లగా విడిపోయి కనిపిస్తాయి. మందారాలు మాత్రం అక్కడా కలిసిపోతాయి. అవి ఆరే ఉన్నాయి, చేత్తో గియ్యి.

అసలు కష్టం మామ్మగారి చీర దగ్గర. 1900 నుంచి 2300 మధ్య ఆవిడ ముందు ఫెండరుకి ఆనుకున్నట్టు నిలబడ్డారు. మెరూన్ పట్టు, ఎర్ర పెయింటు ఒకదాని పక్కన ఒకటి. కుచ్చిళ్ల దగ్గర రెండింటికీ తేడా నాకే సరిగా తెలియలేదు. రంగు చూసి కాదు, నేత చూసి విడదియ్యి. చీరకి సన్నటి పోగుల గీత ఉంటుంది, పెయింటు నున్నగా ఉంటుంది. కనపడకపోతే పైన ఒక `Curves` లేయర్ వేసి బాగా వెలుగు పెంచి గీసుకో, అయ్యాక ఆ లేయర్ తీసెయ్యి. మోచేతి కింద చేతికీ నడుముకీ మధ్య ముక్కోణంలా కాస్త ఖాళీ ఉంది, అందులోంచి బానెట్ కనిపిస్తుంది. అది నీలం కావాలి.

బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి కుంకుమ బొట్లు పెట్టారు. బొట్లు కుంకుమ రంగులోనే ఉండాలి. పసుపు చిక్కగా ఉన్నచోట ఇబ్బంది లేదు. చివర్లలో పలచగా పూసిన చోట అడుగునున్న ఎరుపు పైకొచ్చి నారింజలా కనిపిస్తోంది. రంగు మార్పు దాని మీద పడితే నీలంగానో ఊదాగానో అయిపోతుంది. పూజ చేసిన పసుపు రంగు మారితే మనవాళ్లెవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆ చివర్లకి చిక్కటి పసుపు దగ్గరి రంగునే శాంపిల్ తీసి, `Color` మోడ్‌లో తక్కువ ఒపాసిటీతో అద్దు. వేళ్ల గీతలు చెదరనివ్వకు.

ఇక రంగు. తలుపు మధ్యలో, ఎండా నీడా కానిచోట ఇప్పుడు R 176, G 22, B 30 ఉంది. అక్కడ కావాల్సింది R 18, G 92, B 160. నాలుగు అంకెలు అటూ ఇటూ అయినా పర్వాలేదు. మాస్కు తగిలించిన `Hue/Saturation` లేయర్లో `Hue` -148 పెడితే సుమారుగా R 22, G 102, B 176 దగ్గరికి వస్తుంది. అక్కణ్నుంచి అదే మాస్కుతో `Curves` వేసి మధ్య టోన్లు కొంచెం దించు. `Lightness` స్లైడర్ జోలికి పోవద్దు, అది దించితే రూఫ్ మీద తెల్లటి మెరుపు మసిబారుతుంది.

మెరుపుల గురించి ఒక మాట. కారుకి రంగు అడుగున ఉంటుంది, పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటుంది. ఆ పై కోటులో కనిపించే ప్రతిబింబానికి కారు రంగు అంటదు, ఎదురుగా ఉన్నదాని రంగే ఉంటుంది. అందుకని రూఫ్ మీద ఆకాశం మెరుపు తెల్లగానే ఉండాలి, కొబ్బరాకుల నీడ ఆకుపచ్చగానే. ముందు తలుపు మీద 2600 నుంచి 2800 దాకా మామ్మగారి చీర ప్రతిబింబం ఉంది. ఎర్ర కారులో అది కలిసిపోయి తెలియట్లేదు గాని, మొత్తం తిప్పేస్తే ఆవిడ పక్కన నీలం చీర కట్టుకున్న నీడ నిలబడుతుంది. అక్కడ మాస్కుని మెత్తటి బ్రష్‌తో కొద్దికొద్దిగా తగ్గించి, నీలం మీద మెరూన్ ఛాయ తేలేలా చెయ్యి. రెండు మూడుసార్లు చేసి చూస్తేగాని కుదరదు, తొందరపడకు.

రూఫ్ ముందంచున రెడ్ చానెల్ 255కి కొట్టేసింది. రంగు తిప్పాక ఆ వంపు చదునుగా కనిపిస్తే, గ్రీన్ చానెల్లో ఇంకా గ్రేడేషన్ ఉంది, అక్కణ్నుంచి తెచ్చుకో.

కారు పెయింటు కాక మారాల్సినవి నాలుగే చోట్లు. కళ్లాపి చల్లిన తడి నేల మీద కారు కింద పడ్డ ఎర్ర నీడ. ముందు అద్దం అడుగున బానెట్ ప్రతిబింబం. కుడివైపు 4900 దాటాక ఉన్న వెండిరంగు స్కూటరు పక్కరేకులో కనిపించే ఎరుపు. పంతులుగారి పంచె కింది మడతల్లో గులాబీ ఛాయ. మొదటి మూడూ కారు రంగుకి తగ్గట్టు నీలానికి తిప్పు. పంచె మీది గులాబీ ఛాయ తీసి తెలుపు చేసి, నీలం ఉందా లేదా అన్నంత వెయ్యి చాలు. పంచె అంచు ఎర్రదే, అది పొరపాటున కూడా కడిగెయ్యకు. ఈ నాలుగూ వేరే గ్రూపులో పెట్టి `SPILL` అని పేరు పెట్టు. ఏదైనా ఎక్కువైందనిపిస్తే నేనే తగ్గించుకుంటాను.

వెనక తలుపు అద్దంలోంచి పాప కనిపిస్తుంది, 3500 నుంచి 3750 మధ్య. ఆ పిల్ల పరికిణీ ఎరుపు అలాగే ఉండాలి. అద్దం మాస్కులోకి రాకపోతే దానంతటదే ఉంటుంది.

క్రాప్ చేయొద్దు, సైజు మార్చొద్దు, షార్పెన్, నాయిస్ రిడక్షన్ వద్దు. నేల మీద ఎండుటాకు, గోడ మీద పెచ్చు, మామ్మగారి మొహంలో ముడతలు ఏవీ హీలింగ్ చేయొద్దు. చేయి దురద పెడుతుంది, తెలుసు. అయినా వద్దు.

అయ్యాక ఇలా సరిచూడు. అసలు ఫొటోని అన్నిటికన్నా పై లేయరుగా పెట్టి `Difference` మోడ్‌కి మార్చు. మారనిదంతా పూర్తి నలుపులో ఉంటుంది, మారింది మాత్రమే వెలుగుతుంది. చిన్న తేడాలు కంటికి ఆనవు కాబట్టి దాని పైన `Levels` వేసి కుడి స్లైడర్ 255 నుంచి 10కి లాగు. అప్పుడు కారు, ఆ నాలుగు చోట్లు, పసుపు చివర్లు మాత్రమే వెలగాలి. చీర అంచున సన్నటి గీతలా వెలిగితే మాస్కు లోపలికి పాకిందని అర్థం. జాజు పట్టీల మీద గాని, చర్మం మీద గాని ఒక్క చుక్క వెలిగినా వెతికి సరిచెయ్యి. ఈ పరీక్ష లేయర్లున్న ఫైలు మీదే చెయ్యి. జేపెగ్ చేశాక చేస్తే కంప్రెషన్ వల్ల ఫొటో అంతా వెలుగుతుంది, ఏది నీ తప్పో తెలియదు.

ప్రింటు ఆఫ్‌సెట్, 18×12 అంగుళాలు. సీఎంవైకేలో సయాన్, మెజెంటా దగ్గరదగ్గరగా ఉంటే నీలం ఊదాగా దిగుతుంది. ప్రెస్ వాళ్ల ప్రొఫైల్ అదే ఫోల్డర్లో ఉంది, సాఫ్ట్ ప్రూఫ్ పెట్టి తలుపు మధ్యలో చూడు. మెజెంటా కన్నా సయాన్ కనీసం పాతిక ఎక్కువ ఉండాలి. లేకపోతే నీలాన్ని కాస్త ఆకుపచ్చ వైపు జరిపి నాకు ఫోన్ చెయ్యి. కన్వర్ట్ మాత్రం చేయకు, అది నేను చేసుకుంటాను.

పంపాల్సినవి రెండు ఫైళ్లు. లేయర్లతో `dasara_car_blue_v1.psd`, ఫ్లాట్ చేసిన 16 బిట్ `dasara_car_blue_v1.tif`. వాటితోపాటు ఆ `Difference` స్క్రీన్‌షాట్ కూడా వాట్సాప్‌లో పెట్టు. శనివారం సాయంత్రానికి అందితే ఆదివారం చూసుకుని సోమవారం పొద్దున్నే ప్రెస్‌కి ఇస్తాను. మాస్కు ఒక్కటి ముందు పూర్తయితే అదే పంపు, చీర దగ్గర గీత ఇద్దరం కలిసి చూశాక రంగులోకి దిగుదువుగాని.