మా చిన్నోడి మొదటి క్రాపు గురించి

అన్నా, నమస్తే. బుధవారం పొద్దున పదింటికి మా మామయ్య బాబును తీసుకొస్తారు. వాడికి రెండేళ్లు. పుట్టువెంట్రుకలు పెంచలకోనలో తీయించాం. కత్తెరతో క్రాపు మాత్రం ఇదే మొదటిసారి.

వాడికి రెండు సుళ్లు. ఒకటి నడినెత్తికి కాస్త కుడిపక్కన ఉంది. రెండోది నుదురు పైన ఎడమవైపు, జుట్టు తడిస్తేనే తెలుస్తుంది. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లని మా అత్తమ్మ మురిసిపోతుంది కానీ, నా బెంగ వేరే. నడినెత్తి సుడి దగ్గర పొట్టిగా కత్తిరిస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అక్కడ రెండు వేళ్ల మందం ఉంచి, జుట్టు తిరిగిన వైపుకే దువ్వి కత్తిరించన్నా. ముందు సుడిని అసలు ముట్టుకోవద్దు.

ట్రిమ్మర్ వద్దే వద్దు. మిక్సీ వేసినా చెవులు మూసుకుని వణికిపోతాడు. చెవుల వెనక వేలు తగిలినా మెడ ముడుచుకుంటాడు, అక్కడ చివర్లో చేయి. నీళ్లు స్ప్రే కొట్టకుండా అరచేత్తో తడుపు. మెడకు టవల్ గట్టిగా బిగిస్తే ఊపిరాడనట్టు ఏడుస్తాడు. మామయ్య ఒళ్లోనే కూర్చోబెట్టి, ముందు దువ్వెన వాడి చేతికివ్వు, కాసేపు ఆడుకోనీ.

గుక్కపట్టి ఏడిస్తే సగంలో ఆపేసినా ఫర్వాలేదు. డబ్బులు మొత్తం ఇమ్మని మామయ్యకు చెప్పాను. మిగతాది ఇంకోరోజు చేద్దాం.

- బాబు వాళ్లమ్మ, కావలి